ఎక్సెల్ షీట్ల నుంచి ఈఆర్‌పీకి: ఓపెనింగ్ బాలెన్సులను పైసాతో సహా తేల్చి ఎక్కించే పద్ధతి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు, వాల్వులు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణం ఉందనుకుందాం. గోడౌన్ బాలానగర్‌లో. ఇన్నేళ్లుగా లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే నడిచాయి. అమ్మకాలకు ఒక షీటు, బాకీలకు ఒకటి, స్టాకుకు ఒకటి, బ్యాంకుకు ఇంకొకటి. 2026 ఏప్రిల్ 1 నుంచి, లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఈఆర్‌పీలో బిల్లింగ్ మొదలుపెట్టాలని యజమాని నిర్ణయించారు. సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్. వేరే సాఫ్ట్‌వేర్ అయితే మెనూల పేర్లు మారతాయి కానీ పని ఇదే.

ఇలాంటి చోట్ల మొదట వినిపించే మాట: "మొత్తం బాకీ నలభై ఎనిమిది లక్షల డెబ్భై ఐదు వేలు. అది ఎక్కించేయండి సార్, అయిపోతుంది." కుదరదు. ఆ అంకె ఒక్కటే ఎక్కిస్తే ట్రయల్ బాలెన్సు సరిపోతుంది కానీ, ఏప్రిల్ 3న ఒక కస్టమర్ చెక్కు పంపితే అది ఏ బిల్లుకు జమ చేయాలో ఎవరికీ తెలియదు. ఓపెనింగ్ బాలెన్సు అంటే ఇంకా తీరని ఒక్కో బిల్లు, గోడౌన్‌లో ఉన్న ఒక్కో సరుకు, చెల్లాల్సిన ఒక్కో చెక్కు. వాటి మొత్తం పాత లెక్కతో సరిపోవాలి. మొత్తం ముందు పెట్టుకుని దానికి సరిపడేలా వివరాలు అల్లకూడదు.

ముందుగా కటాఫ్

పాత లెక్కలు ఆగే కటాఫ్ 31 మార్చి రాత్రి అని పెట్టుకోవడం మేలు. ఆర్థిక సంవత్సరం అక్కడ ముగుస్తుంది కాబట్టి అమ్మకాలు, ఖర్చుల ఖాతాలు సున్నాతో మొదలవుతాయి. ఆస్తులు, అప్పులు, మూలధనం మాత్రమే ఎక్కిస్తే చాలు. అక్టోబరులో మారాలనుకుంటే అప్పటిదాకా జరిగిన అమ్మకాలు, కొనుగోళ్లు, అద్దె, జీతాల మొత్తాలు కూడా తీసుకురావాలి. చేయలేనిదేమీ కాదు, పని మాత్రం పెరుగుతుంది.

ఆడిట్ అయ్యేదాకా ఆగుదామని కొందరు అంటారు. ఆగక్కర్లేదు. తరుగుదల, మూలధనం లాంటి అంకెలు ఆడిట్ తర్వాత కొద్దిగా మారతాయి. వాటికి 31 మార్చి తేదీతో ఒక సవరణ ఎంట్రీ తర్వాత వేసుకోవచ్చు. బాకీలు, స్టాకు, బ్యాంకు మాత్రం ఆ రోజుకే ఖరారు కావాలి. ఆరు నెలల తర్వాత వాటిని లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు.

పాత షీట్లలో పదేళ్ల చరిత్ర ఉందని అదంతా ఈఆర్‌పీలోకి తోయకండి. ఎక్కించాల్సినవి తీరని బిల్లులే. పాత ఫైళ్లను మార్చడానికి వీల్లేకుండా ఒకచోట భద్రపరచండి. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా రికార్డులు ఉంచాల్సిందే.

షీట్లను కడగడం

మొదటి నియమం: అసలు షీటును ముట్టుకోకూడదు. దాని కాపీ తీసుకుని, అందులో పాత పేరు పక్కన కొత్త కోడ్ రాసే ఒక జంట పట్టిక తయారు చేయండి. పాత పేరును చెరిపేసి దాని మీదే కొత్తది రాస్తే, రేపు తేడా వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కునే దారి ఉండదు.

కస్టమర్ల పేర్లతో మొదలుపెడదాం. ఒకే దుకాణం పేరు ముందు `Sri`, `Sree`, `Shri`, `Shree` అని నలుగురు నాలుగు రకాలుగా టైప్ చేసి ఉంటారు. వాట్సాప్ నుంచో వెబ్‌పేజీ నుంచో కాపీ చేసిన పేర్లలో కంటికి కనపడని ఖాళీలు కూడా దూరి ఉంటాయి. ముందు వాటిని తీసేయాలి:

```
=TRIM(CLEAN(SUBSTITUTE(UPPER(A2),CHAR(160)," ")))
```

దీంతో ఖాళీల గొడవ పోతుంది కానీ స్పెల్లింగు గొడవ పోదు. పేరును పేరుతో పోల్చి జంటలు పట్టే పనికి నేను పెద్దగా విలువ ఇవ్వను. జీఎస్టీ నంబరు అంతకంటే గట్టి ఆధారం. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్ నంబరు. ఆ పాన్‌ను విడదీసి, ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. సీ కాలమ్‌లో జీఎస్టీ నంబరు ఉందనుకుంటే, మొదటి ఫార్ములాను డీ కాలమ్‌లో, రెండోదాన్ని దాని పక్కన పెట్టండి:

```
=MID(C2,3,10)
=IF(D2="","",COUNTIF(D:D,D2))
```

రెండో ఫార్ములా ఒకటి కంటే ఎక్కువ చూపిస్తే ఆ వరుసలను కంటితో చూడాలి. జీఎస్టీ నంబరు మొత్తం ఒకటే అయితే అది ఒకే కస్టమర్, కలిపేయండి. పాన్ ఒకటే ఉండి ముందు కోడ్ ఒకచోట 36, ఇంకోచోట 37 ఉంటే మాత్రం కలపకూడదు. 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్. అంటే అదే యజమానికి హైదరాబాద్‌లో ఒక షాపు, విజయవాడలోనో గుంటూరులోనో ఇంకొకటి ఉన్నాయన్నమాట. మన దుకాణం తెలంగాణలో ఉంది కాబట్టి మొదటి షాపుకు అమ్మితే మామూలుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. సరుకు రెండో షాపుకు పంపితే ఐజీఎస్టీ. రెండూ కలిపేస్తే ఏప్రిల్ మొదటి వారంలోనే తప్పు పన్నుతో బిల్లు వెళ్తుంది.

ప్లంబర్లు, చిన్న కాంట్రాక్టర్లకు జీఎస్టీ నంబరు ఉండదు. వాళ్లకు ఫోన్ నంబరే ఆధారం. కొందరి నంబరు ముందు 91, కొందరికి సున్నా, మధ్యలో గీతలు ఉంటాయి కాబట్టి చివరి పది అంకెలు తీసుకుని పోల్చాలి:

```
=RIGHT(SUBSTITUTE(SUBSTITUTE(B2," ",""),"-",""),10)
```

ఇక తేదీలు. ఇక్కడ జరిగే మోసం చాలామందికి తెలియదు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే, బ్యాంకు నుంచి దింపిన ఫైలులో 05/04/2025 అన్న మన ఏప్రిల్ 5ను ఎక్సెల్ మే 4గా మార్చేసుకుంటుంది. 25/04/2025 వచ్చినప్పుడు ఇరవై ఐదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అందువల్ల సగం తేదీలు తప్పుగా మారి, సగం మారకుండా ఉంటాయి. పట్టుకోవడం తేలికే. తేదీ పక్కన `=ISNUMBER(E2)` పెట్టండి. `FALSE` వచ్చిన వరుసలన్నిటిలో రోజు 12 కంటే ఎక్కువే ఉంటే, `TRUE` వచ్చినవాటిలో నెల, రోజు తారుమారయ్యాయని అర్థం. బ్యాంకు నుంచి దింపిన అసలు ఫైలు దొరికితే దాన్నే మళ్లీ రోజు-నెల-సంవత్సరం వరుసలో తెరవడం మంచిది. దొరకకపోతే, ఆ ఫైలు నుంచి వచ్చిన వరుసలకు మాత్రమే ఇలా తిప్పాలి. మొదటిది `TRUE` వరుసలకు, రెండోది `FALSE` వరుసలకు:

```
=DATE(YEAR(E2),DAY(E2),MONTH(E2))
=DATE(RIGHT(E2,4),MID(E2,4,2),LEFT(E2,2))
```

పైపుల వ్యాపారంలో ఇదే జబ్బు సరుకు పేర్లకూ వస్తుంది. సైజు కాలమ్‌లో అర ఇంచు అని `1/2` కొడితే, మన తేదీ పద్ధతిలో ఉన్న ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 1 చేస్తుంది, ముప్పావు ఇంచు `3/4` ఏప్రిల్ 3 అవుతుంది. అందుకే సరుకు కోడ్‌లో సైజును మిల్లీమీటర్లలో రాయడం సుఖం. అర ఇంచు 15, ముప్పావు 20, ఇంచు 25. కౌంటర్ దగ్గర అందరూ ఇంచుల్లోనే అడుగుతారు కాబట్టి వర్ణనలో ఇంచులు కూడా ఉంచండి. ఫైల్ తెరవక ముందే కోడ్‌లు, బిల్లు నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. ఎక్సెల్ అంకెలను 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబరులో చివరిది సున్నా అయిపోతుంది, హెచ్చరిక కూడా రాదు.

కస్టమర్ బాకీలు: ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే

మన దుకాణంలో రెండు షీట్లున్నాయి. లెడ్జర్ షీటు ప్రకారం కస్టమర్ల నుంచి రావాల్సింది 48,75,000 రూపాయలు. బిల్లువారీ షీటులో తీరని బిల్లులు కూడితే 49,63,400. తేడా 88,400.

చాలాచోట్ల దీన్ని "పాత తేడా" అన్న పేరుతో ఒక డమ్మీ కస్టమర్ ఖాతాలో పడేస్తారు. అలా వద్దు. తేడాను మొత్తం మీద వెతికితే దొరకదు, కస్టమర్ల వారీగా వెతకాలి. రెండు షీట్లలో ఒక్కో కస్టమర్ మొత్తం పక్కపక్కన పెట్టి, తేడా సున్నా కాని పేర్లను మాత్రమే మిగల్చండి. వందల మందిలో మిగిలేది కొందరే. మన ఉదాహరణలో ముగ్గురు మిగిలారు.

మొదటి కస్టమర్ ఫిబ్రవరిలో 50,000 బ్యాంకుకు పంపాడు. ఏ బిల్లుకో చెప్పలేదు. లెడ్జర్‌లో జమ అయింది కానీ బిల్లువారీ షీటులో ఏ బిల్లు నుంచీ తగ్గించలేదు. రెండో తేడా 23,600. ఒకే బిల్లు రెండు స్పెల్లింగులున్న ఇద్దరు "కస్టమర్ల" కింద రెండుసార్లు పడింది. పేర్లు కలిపాక ఆ బిల్లు నంబరు రెండుసార్లు కనపడి దొరికిపోయింది. మూడోది 14,800. రేటు తేడాకు ఇచ్చిన తగ్గింపు లెడ్జర్‌లో ఉంది, బిల్లు మీద రాయలేదు. మూడూ కూడితే సరిగ్గా 88,400.

దీని నుంచి ఎక్కించాల్సినదేమిటో చూడండి. డూప్లికేట్ బిల్లు, తగ్గింపు తీసేస్తే తీరని బిల్లుల మొత్తం 49,25,000. ఆ 50,000 మాత్రం బిల్లుల నుంచి మన ఇష్టం వచ్చినట్టు తీసేయకూడదు. కస్టమర్‌ను అడిగితే ఏ బిల్లుకో చెబుతాడు. చెప్పకపోతే అది అతని పేరు మీద విడిగా జమగా ఉండాలి. కాబట్టి రెండు అంకెలు వెళ్తాయి: బిల్లులు 49,25,000, సర్దుబాటు కాని జమ 50,000. నికరం 48,75,000.

పెద్ద బాకీలున్న కస్టమర్లకు ఈ బిల్లుల జాబితా వాట్సాప్‌లో పంపి సరిచూసుకోమనండి. ఒక మాట అటు ఇటు వస్తే మార్చిలోనే రావాలి, ఈఆర్‌పీలోకి ఎక్కాక కాదు. చాలా పాత బాకీలుంటే సంతకంతో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవడం ఇంకా మంచిది. సరుకు అమ్మిన సొమ్ముకు దావా వేసే కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు లోపల సంతకం చేసిన ఒప్పుకోలు దొరికితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఒక్కో బిల్లుకు పాత బిల్లు నంబరు, అసలు బిల్లు తేదీ, గడువు తేదీ, మిగిలిన మొత్తం ఉండాలి. 1,18,000 బిల్లుకు 70,000 వచ్చి ఉంటే ఎక్కించేది 48,000 మాత్రమే. తేదీ దగ్గర బద్ధకిస్తే నష్టం పెద్దది. అన్ని బిల్లులకూ 31 మార్చి అని ఒకే తేదీ కొట్టేస్తే, బాకీల వయసు రిపోర్టులో ఎనిమిది నెలల నుంచి డబ్బు ఇవ్వని వాడూ నిన్న కొన్నవాడూ ఒకేలా కనపడతారు. వసూళ్లకు వెళ్లే కుర్రాడి చేతిలో ఆ రిపోర్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఈఆర్‌పీనెక్స్ట్‌లో పాత తేదీలు పెట్టాలంటే ఆ ఆర్థిక సంవత్సరాలను కూడా ముందే సృష్టించి ఉండాలి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.

ఈ బిల్లులను మామూలు అమ్మకం బిల్లులుగా కొట్టకూడదు. అలా చేస్తే అమ్మకాలు రెండోసారి లెక్కలోకి వస్తాయి, జీఎస్టీ మళ్లీ పడుతుంది, ఆ బిల్లులు మళ్లీ రిటర్న్‌లోకి వెళ్తాయి. టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ వర్తించే వ్యాపారమైతే పాత బిల్లుకు కొత్తగా ఈ-ఇన్వాయిస్ గుర్తింపు నంబరైన ఐఆర్ఎన్ అడిగే ప్రమాదమూ ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో దీనికోసమే `Opening Invoice Creation Tool` ఉంది. అందులో పన్నుతో కలిపి మిగిలిన బాకీని ఒకే మొత్తంగా ఇస్తాం, పన్ను విడిగా లెక్కకట్టదు, అవతలి వైపు ఎంట్రీ `Temporary Opening` ఖాతాకు వెళ్తుంది. ఆ ఖాతాను గుర్తుపెట్టుకోండి, చివర్లో మొత్తం పరీక్ష దాని మీదే.

సప్లయర్ల బిల్లులకు కూడా ఇదే పద్ధతి. అక్కడ అసలు తేదీ మరీ ముఖ్యం. సప్లయర్ బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. మనకు వాల్వులు చేసి ఇచ్చే సూక్ష్మ, చిన్న యూనిట్లకు చట్టం ఇచ్చిన గరిష్ఠ గడువు 45 రోజులు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. అది దాటితే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు కట్టిన సంవత్సరానికే దక్కుతుంది. ఇవన్నీ లెక్కపెట్టేది బిల్లు తేదీ నుంచో సరుకు అందిన తేదీ నుంచో కానీ, మనం ఈఆర్‌పీకి మారిన తేదీ నుంచి కాదు. మన దుకాణం సప్లయర్లకు ఇవ్వాల్సింది 33,60,000.

స్టాకు: యూనిట్ దగ్గరే ఉచ్చు

31 మార్చి సాయంత్రం గోడౌన్ షట్టర్ దింపి లెక్కపెట్టాలి. లెక్క నడుస్తుండగా సరుకు లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. చలాన్ మీద వెళ్లి ఇంకా బిల్లు కాని సరుకు, వచ్చేసి ఇంకా సప్లయర్ బిల్లు రాని సరుకు, ఈ రెంటినీ విడిగా రాసుకోండి. మొదటిది గోడౌన్‌లో లేకపోయినా మనదే. రెండోది గోడౌన్‌లో ఉన్నా దాని అప్పు సప్లయర్ జాబితాలో కనపడదు. షీటుకూ అసలు స్టాకుకూ పొంతన లేకపోవడానికి తరచూ ఇవే కారణం.

అసలు స్టాకు తక్కువ వస్తే ఆ తరుగును పాత సంవత్సరపు లెక్కల్లోనే నష్టంగా రాయించండి, ఈఆర్‌పీ ఓపెనింగ్‌లో దాచకండి. పోయిన, పాడైన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి సీఏకు ముందే చెప్పాలి.

రేటు దగ్గర రెండు పొరపాట్లు ఎక్కువ. ఫిట్టింగుల కంపెనీలు లిస్ట్ ప్రైస్ వేసి దాని మీద డిస్కౌంట్ ఇస్తాయి. షీటులో లిస్ట్ ప్రైసే రేటుగా కూర్చుని ఉంటే స్టాకు విలువ ఉబ్బిపోతుంది. రెండోది, క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ కూడా రేటులో కలిసి ఉండటం. 18 శాతం పన్ను ఉన్న సరుకుకు విలువ అంతమేరకు ఎక్కువ చూపిస్తుంది. డిస్కౌంట్ పోగా, పన్ను లేకుండా, రవాణా లాంటి కొనుగోలు ఖర్చులు కలిపిన రేటే కావాలి.

యూనిట్ విషయంలో నియమం ఒకటే: కౌంటర్ మీద అమ్మే అతి చిన్న కొలతే స్టాకు యూనిట్. వాల్వులు డబ్బాల్లో వచ్చినా విడిగా అమ్ముతాం, కాబట్టి స్టాకు యూనిట్ పీసు. డబ్బాకు పది అన్నది మార్పిడి పట్టికలో ఉండాలి. పైపు లెంత్‌లలో వస్తుంది, కొందరికి కోసి మీటర్ల లెక్కన ఇస్తాం అంటే స్టాకు యూనిట్ మీటరే. గోడౌన్ చూసే అన్నను "డబ్బా అంటే ఎన్ని?" అని ఒక్కో కంపెనీకీ అడగాల్సిందే. "డబ్బా అంటే పదే కదా సార్" అంటాడు, ఆ తర్వాత "ఆ కంపెనీది మాత్రం పన్నెండు" అంటాడు.

ఎక్కించేటప్పుడు `Stock Reconciliation` తెరిచి, ఉద్దేశం దగ్గర `Opening Stock` ఎంచుకుని, గోడౌన్ వారీగా సంఖ్య, రేటు ఇవ్వాలి. తేదీ 31 మార్చి. మొదటి ఏప్రిల్ బిల్లు కంటే ముందు తేదీ లేకపోతే ఉన్న సరుకే మైనస్‌లో కనపడుతుంది. పాత లెక్క ప్రకారం, తరుగు సర్దాక, స్టాకు విలువ 61,40,000.

మిగిలినవన్నీ ఒక జర్నల్‌లో

బిల్లుల ద్వారా వచ్చిన బాకీలు, స్టాకు ఇక్కడ మళ్లీ రాయకూడదు. రాస్తే రెండుసార్లు పడతాయి. `Journal Entry`లో రకం `Opening Entry` పెట్టి మిగిలినవి మాత్రం ఎక్కించాలి. డెబిట్ వైపు బ్యాంకు 6,12,000, నగదు 38,000, ఫర్నిచర్, వ్యాను కలిపి 9,50,000, షాపు అద్దె డిపాజిట్ 3,00,000. మొత్తం 19,00,000. క్రెడిట్ వైపు బ్యాంకు లోను 25,00,000, మార్చి నెలకు కట్టాల్సిన జీఎస్టీ 55,000, మూలధనం 70,00,000. మొత్తం 95,55,000. తేడా 76,55,000 `Temporary Opening`కు డెబిట్.

బ్యాంకు అంకె మన పుస్తకంలోదే ఉండాలి, పాస్‌బుక్‌లోది కాదు. మార్చిలో ఇచ్చి ఇంకా క్లియర్ కాని చెక్కుల జాబితా పక్కన పెట్టుకోండి, ఏప్రిల్ బ్యాంకు రికన్సిలియేషన్‌కు అదే ఆధారం.

సున్నా పరీక్ష

ఇప్పుడు `Temporary Opening` ఖాతాను వరుసగా నడిపి చూద్దాం. కస్టమర్ బిల్లులు ఎక్కగానే అందులో 49,25,000 క్రెడిట్ పడుతుంది. సర్దుబాటు కాని జమ 50,000 ఎక్కితే 48,75,000కు తగ్గుతుంది. సప్లయర్ బిల్లులు ఎక్కాక 15,15,000. స్టాకు ఎక్కాక 76,55,000. చివరి జర్నల్‌లో 76,55,000 డెబిట్ పడి సున్నా కావాలి.

మన ఉదాహరణలో సున్నా కాలేదనుకుందాం. 66,600 డెబిట్ మిగిలింది. యజమానికి టెన్షన్ పట్టుకుంటుంది, "కొంచెమే కదా, మూలధనంలో సర్దేయండి" అంటారు. సర్దకండి. మూలధనం అంకె పాత లెక్కల నుంచి వచ్చింది, దాన్ని వంచితే రేపు సీఏ బాలెన్స్ షీటుతో ఈఆర్‌పీ ఎప్పటికీ కలవదు.

డెబిట్ మిగిలిందంటే ఏదో ఆస్తి తక్కువ ఎక్కింది, లేదా ఏదో అప్పు ఎక్కువ ఎక్కింది. ముందు ఒక్కో గుంపు మొత్తాన్ని పాత లెక్కతో పోల్చండి. బాకీలు సరి, సప్లయర్లు సరి, స్టాకు మాత్రం 61,40,000 బదులు 60,73,400. తేడా స్టాకులో ఉందని తేలింది. వందల సరుకుల్లో ఏదన్నది పాత అకౌంటెంట్ల చిట్కాతో తెలుస్తుంది. తేడా 9తో భాగించబడితే రెండు అనుమానాలు: అంకెలు తారుమారు కావడం, లేదా ఒక సున్నా జారిపోవడం. సున్నా జారి ఉంటే, తేడాను 9తో భాగించిన అంకె తప్పుగా ఎక్కిన విలువ అవుతుంది. 66,600ను 9తో భాగిస్తే 7,400. స్టాకు షీటు విలువ కాలమ్‌లో 7,400 కోసం వెతికితే అర ఇంచు బాల్ వాల్వు దగ్గర దొరికింది. సంఖ్య 40, రేటు 185. ఆ 40 పీసులు కాదు, డబ్బాలు. డబ్బాకు పది చొప్పున 400 పీసులు, విలువ 74,000. రేటు మాత్రం పీసుకు ఉంది. సంఖ్య సరిచేస్తే స్టాకు 61,40,000, ఖాతా సున్నా.

డబ్బాకు పన్నెండు ఉంటే ఇదే తేడా విలువకు పదకొండు రెట్లు అవుతుంది, అప్పుడు 11తో భాగించి చూడాలి. ఒకేసారి రెండు మూడు తప్పులు కలిసిపోతే ఈ చిట్కా పనిచేయదు. అందుకే ఒక్కో గుంపు ఎక్కించిన వెంటనే దాని మొత్తం సరిచూడండి, అన్నీ ఎక్కించాక చివర్లో కాదు.

సున్నా వచ్చినంత మాత్రాన అంతా సరిగ్గా ఉందని కాదు. ఒక కస్టమర్ బిల్లు ఇంకొకరి పేరు మీద పడితే మొత్తం మారదు, ఖాతా సున్నాయే చూపిస్తుంది. కాబట్టి కస్టమర్ వారీ బాకీలు, వాటి వయసు రిపోర్టు, సరుకు వారీ సంఖ్య, ఈ మూడూ ఈఆర్‌పీ నుంచి బయటికి తీసి పాత షీటు పక్కన పెట్టి వరుసవారీగా తీసివేయాలి. ప్రతి వరుసా సున్నా రావాలి. జీఎస్టీ ఖాతాలను పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్‌తోనూ మార్చి రిటర్న్‌తోనూ పోల్చండి.

రిహార్సల్, అసలు రోజు

ఇదంతా మొదటిసారి 31 మార్చి రాత్రి చేయకండి. ఫిబ్రవరి చివరి అంకెలతో ఒక టెస్ట్ కంపెనీలో మొత్తం ఎక్కించి, సున్నా వచ్చేదాకా నడపండి. ఫార్మాట్ ఎర్రర్లు, లేని యూనిట్లు, సృష్టించని ఆర్థిక సంవత్సరాలు అన్నీ అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత మార్చిలో కొత్త కస్టమర్లను, కొత్త సరుకులను పాత షీటుతో పాటు జంట పట్టికలో కూడా ఎప్పటికప్పుడు చేర్చే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

ఏప్రిల్ మొదటి రెండు మూడు రోజులు ఎక్కింపు పూర్తి కాకపోతే బిల్లింగ్ ఆపక్కర్లేదు. పాత పద్ధతిలోనే బిల్లులు కొట్టండి, వాటికి వేరే సిరీస్ ఇవ్వండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే బిల్లు నంబరు రెండుసార్లు రాకూడదు. ఓపెనింగ్ సున్నా అయ్యాక ఆ బిల్లులను అదే నంబర్లతో, అదే తేదీలతో మామూలు అమ్మకాలుగా ఈఆర్‌పీలో కొట్టాలి, ఎందుకంటే అవి ఏప్రిల్ అమ్మకాలు, ఓపెనింగ్ బాకీలు కావు.

అన్నీ సరిపోయాక 31 మార్చి దాకా ఉన్న కాలాన్ని ఈఆర్‌పీలో లాక్ చేయండి. తాళం సీఏ అడిగినప్పుడు తీయగలిగే ఒక్కరి దగ్గరే ఉండాలి. పాత ఎక్సెల్ ఫైళ్లను అందరి కంప్యూటర్లలో రీడ్-ఓన్లీ చేయడం కూడా అదే రోజు జరగాలి. లేకపోతే కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు అలవాటు కొద్దీ ఏప్రిల్ వసూళ్లను పాత షీటులోనే రాస్తూ పోతారు.